ఎండాకాలంలో ఆరుబయట పెళ్లి: నీడ ఎటు జరుగుతుందో ముందు చూసుకోండి

ప్రశ్న: మా చెల్లి పెళ్లి నడివేసవిలో కుదిరింది. చుట్టూ చెట్లు లేని పెద్ద పచ్చిక మైదానంలో చేస్తున్నాం. పెళ్లి సాయంత్రం నాలుగున్నరకు, ఆ టైము మార్చడానికి వీల్లేదు. ఏడింటికి పొద్దు గుంకుతుంది. అతిథులు 250 మంది, వాళ్లలో 60 మంది దాకా డెబ్భై దాటినవాళ్లే. అందరినీ మూడున్నరకు రమ్మని, ఏడున్నరకు భోజనాలు పెట్టాలనుకుంటున్నాం. 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న టెంట్ మాట్లాడాం. పది పెద్ద ఫ్యాన్లు, సరిపడా నీళ్లు పెడితే చాలంటున్నారు నాన్న. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది. ఇంకేం చూసుకోవాలి?

సమాధానం: ముందు ఆ మూడున్నర అన్నమాట తీసేయండి. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నమే అయినా, గాలి బాగా వేడెక్కేది మూడు, నాలుగు గంటలప్పుడు. పొద్దుటినుంచి ఎండ తాగిన నేల అప్పటికి వేడిని పైకి వదులుతూ ఉంటుంది. సరిగ్గా ఆ గంటలోనే మీరు 250 మందిని ఏ పనీ లేకుండా కూర్చోబెడదామంటున్నారు. పెళ్లి టైము మీ చేతిలో లేకపోయినా, అతిథులు ఎప్పుడు రావాలన్నది మీ చేతిలోనే ఉంది. ఆహ్వానంలో నాలుగూ పదికి రమ్మని వేయండి. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఎలాగూ ఆలస్యంగానే వస్తారు, వాళ్ల కోసం టైముకొచ్చినవాళ్లను ఉడికించడం దేనికి?

పెద్దవాళ్ల సంగతి వేరు. వాళ్లు చెప్పిన టైము కన్నా ముందే వస్తారు. మంచి చోటు దొరకదేమోనని వాళ్ల భయం. అందుకే ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి, "మీ కుర్చీలు మీ పేరుతో ఉంచుతున్నాం, నాలుగుంబావుకు చేరితే చాలు" అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోవడానికి కుర్చీల మీద కాగితాలు అంటించాలి, అక్కడ ఒక మనిషిని కూడా ఉంచాలి. ఈ ఒక్క పనితో వాళ్లకు గంట వేడి తప్పుతుంది. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అంత మేలు జరగదు.

ఇక టెంట్. నీడలో గాలేమీ చల్లబడదు, ఎండలో ఉన్న గాలే నీడలోనూ ఉంటుంది. నీడ చేసే మేలల్లా ఎండ నేరుగా ఒంటికి తగలకుండా ఆపడం. అది చిన్న విషయం కాదు. వాతావరణ శాఖలు చెప్పే "ఎంత వేడిగా అనిపిస్తుంది" అన్న లెక్కలు నీడలో ఉన్నవాళ్లకు వేసినవే. నేరుగా ఎండలో ఉంటే దాని మీద ఇంకో 8 డిగ్రీల దాకా పెరగొచ్చు. కాబట్టి ఎన్ని చదరపు మీటర్ల గుడ్డ కట్టారని కాకుండా, నాలుగున్నరకూ ఐదున్నరకూ ఆ గుడ్డ నీడ ఏ కుర్చీల మీద ఉందని చూడాలి. చాలామంది టెంట్‌ను పొద్దున పదింటికి చూసి, అంతా నీడగా ఉందని సంతోషపడి వెళ్లిపోతారు. సాయంత్రానికి సూర్యుడు కిందికి దిగి, పక్కనుంచి లోపలికి వచ్చేస్తాడు.

ఎంత లోపలికి వస్తాడో తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. పెళ్లికి వారం ముందు, ఎండ ఉన్న రోజు నాలుగున్నరకు మైదానానికి వెళ్లి, మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడను టేపుతో కొలవండి. ఐదున్నరకు మళ్లీ కొలవండి. నీడ పొడవును టెంట్ అంచు ఎత్తుతో గుణిస్తే, పడమటి అంచు నుంచి ఎన్ని మీటర్ల లోపలికి ఎండ వస్తుందో తెలిసిపోతుంది. ఏడింటికి పొద్దు గుంకుతుందన్నారు కాబట్టి, నాలుగున్నరకు కర్ర నీడ దాదాపు 1.4 మీటర్లు, ఐదున్నరకు రెండున్నర మీటర్లు ఉండొచ్చనుకుందాం. టెంట్ అంచు 3 మీటర్ల ఎత్తులో ఉంటే, పెళ్లి మొదలయ్యేసరికి 4 మీటర్లకు పైగా, మరో గంటకు ఏడున్నర మీటర్ల దాకా ఎండ లోపలికి వచ్చేస్తుంది. మీ కొలత వేరుగా వస్తే దాన్నే నమ్మండి. కర్ర నీడ ఎటు వాలిందో కూడా గుర్తు పెట్టుకోండి, ఎండ వచ్చే దిక్కు దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ అంకెలను మీ టెంట్‌కు పెట్టి చూడండి. పొడుగాటి వైపు పడమరకు తిప్పితే, ఎండకు ఎదురుగా ఉండేది 20 మీటర్ల వైపు, లోతు 12 మీటర్లే. ఐదున్నరకు ఆ పన్నెండులో ఏడున్నర ఎండలో ఉంటాయి, అంటే సగానికి పైగా కుర్చీలు పోయినట్టే. అదే టెంట్‌ను అడ్డంగా తిప్పి 12 మీటర్ల వైపును పడమరకు పెడితే, 20 మీటర్ల లోతులో పోయేది ఏడున్నర మాత్రమే, మిగతా పన్నెండున్నర నీడలోనే ఉంటుంది. పైగా తెర కట్టాల్సింది కూడా 20 మీటర్ల పొడవుకు బదులు 12 మీటర్లకే. టెంట్ వేసేవాళ్లు గేటుకు ఎదురుగా అందంగా కనపడేలా వేస్తామంటారు. ఒప్పుకోకండి. మేకులు దిగాక టెంట్‌ను తిప్పడం కుదరదు, కాబట్టి వాళ్లు రాకముందే నేల మీద సున్నంతో గీత గీసి పెట్టండి.

వేదిక తూర్పు చివర ఉండాలి. అప్పుడు అతిథుల వీపు సూర్యుడి వైపు ఉంటుంది, కళ్లలో ఎండ పడదు. పడమటి వైపు మాత్రం పైనుంచి కిందిదాకా తెర కట్టాలి. ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. తెరను టెంట్ అంచుకే అతికించి నేలదాకా దించితే గాలి ఆగిపోయి లోపల ఉక్కపోస్తుంది. టెంట్ అంచు నుంచి ఒక మీటరు దూరంగా విడిగా కర్రలు పాతి తెర కట్టించండి. ఎండ ఆగుతుంది, ఆ సందులోంచి గాలి ఆడుతుంది. మిగతా మూడు వైపులా తెరిచే ఉంచండి. గుడ్డ తెలుపు లేదా లేత రంగుది, ఎండ చుక్కలు చుక్కలుగా కిందికి దిగనంత మందంగా ఉండాలి. పైన శిఖరం దగ్గర వేడిగాలి పోవడానికి సందు ఉంటే మరీ మంచిది. ఎండకు కాలిన పలచటి ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుంటే నెత్తి మీంచి సెగ కొడుతుంది. చెయ్యెత్తి ఆ పట్టా దగ్గర పెడితే మీకే తెలుస్తుంది.

నాన్నగారి ఫ్యాన్ల విషయానికొస్తే, పది అనేది తక్కువేమీ కాదు, కాకపోతే ఆ రోజు గాలి ఎంత వేడిగా ఉంటుందన్నదాన్ని బట్టే అవి పనికొస్తాయి. మన చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఒంటి వేడిని లాక్కెళ్లిపోతుంది. అంతకన్నా వేడిగా ఉంటే ఫ్యాన్ వల్ల మేలు జరిగేది చెమట ఆరడం ద్వారానే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వయసు మళ్లినవాళ్లకు చెమట తక్కువ పడుతుంది కాబట్టి, కుర్రాళ్లకు హాయిగా అనిపించే ఫ్యాన్ గాలి వాళ్లకు వడగాలిలా తగలొచ్చు. దానికి చవకైన ఉపాయం తడి. చల్లటి నీళ్లలో ముంచి పిండిన చిన్న తువ్వాళ్లను ట్రేలో తిప్పి, మెడకూ మోచేతుల కిందికీ అద్దుకోమనండి. తడి ఒంటి మీద ఫ్యాన్ గాలి పడితే చెమట చేయాల్సిన పని నీళ్లు చేస్తాయి. గాలి పొడిగా ఉండే చోట నీటి తుంపర్ల ఫ్యాన్లు, కూలర్లు బాగా పనిచేస్తాయి. ఉక్కపోత ఉండే చోట అవి గాలిని ఇంకా తేమగా చేస్తాయే తప్ప చల్లబరచవు, అలాంటి చోట మామూలు ఫ్యాన్లే నయం.

ఫ్యాన్లన్నీ వేదిక వైపు తిప్పి పెట్టకండి. అక్కడ పదిమందే ఉంటారు. గాలి సహజంగా ఎటు వీస్తుందో చూసి, ఫ్యాన్లను కూడా అదే దారిలో, కుర్చీల వరసల వెంబడి నిలబెట్టండి. కరెంటు గురించి రెండే మాటలు. ఒక్కో ఫ్యాన్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో దాని వెనక రేకు మీద రాసి ఉంటుంది. 200 వాట్లవి పది అంటే నడిచేటప్పుడు 2 కిలోవాట్లే, కానీ మోటారు స్టార్టయ్యే క్షణంలో చాలా ఎక్కువ లాగుతుంది. జనరేటర్ మీద అన్నీ ఒక్కసారే వేయకుండా ఒకటొకటిగా వేయించండి. జనరేటర్‌ను గాలి పోయే దిక్కున, టెంట్‌కు దూరంగా పెట్టాలి, దాని పొగలో ప్రాణం తీసే వాయువు ఉంటుంది. నడిచే దారిలో వైర్లు అడ్డంగా పడి ఉండకూడదు.

నీళ్ల లెక్క చూద్దాం. నీడలో కూర్చున్న మనిషికి గంటకు 300 మిల్లీలీటర్లు వేసుకుంటే, 250 మందికి ఐదు గంటలకు 375 లీటర్లవుతాయి. భోజనం దగ్గర మనిషికి అరలీటరు చొప్పున ఇంకో 125. ఇప్పటికి 500 అయ్యాయి. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు పనిలో ఉంటారు కాబట్టి వాళ్లకు గంటకు లీటరు దాకా కావాలి. అలాంటివాళ్లు ఇరవై మంది ఉంటే మరో 100. ఒలికిపోయేవాటితో కలిపి 700 లీటర్లు దగ్గర పెట్టుకోండి, 20 లీటర్ల క్యాన్లయితే 35. మామూలుగా నీళ్లు చాలకపోవడం కన్నా, ఉన్న నీళ్లు మనిషి దాకా చేరకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. పెళ్లి అవగానే అందరూ ఒక్కసారిగా లేస్తారు. పది నిమిషాల్లో 250 గ్లాసులంటే నిమిషానికి 25. ఒక కుళాయి కింద నిమిషానికి ఐదు గ్లాసులు నిండితే గొప్ప, అంటే ఐదు కుళాయిలైనా ఉండాలి. వాటిని ఒకే బల్ల మీద పెట్టకుండా టెంట్‌కు రెండు వైపులా పంచండి. పెళ్లి జరుగుతున్నంతసేపూ ఇద్దరు కుర్రాళ్లు ట్రేలతో వరసల మధ్య తిరుగుతూ ఉండాలి, ఎందుకంటే పెళ్లి మధ్యలో లేచి వెళ్లడానికి ఎవరూ ఇష్టపడరు. క్యాన్లను ముందే నీడలో ఉంచి, తడి గోనె సంచులు కప్పండి. ఐస్ గడ్డలు తాగే నీటితో చేసినవని గట్టిగా తెలిస్తే తప్ప నీళ్లలో వేయకండి. క్యాన్లను ఐస్‌లో పెట్టి చల్లబరచవచ్చు.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుంది, కాబట్టి "దాహమైతే అడుగుతారులే" అనుకుంటే కుదరదు. దానికి తోడు చాలామంది కావాలనే నీళ్లు తాగరు. ఒక పెళ్లిలో మూడో వరసలో కూర్చున్న ఓ పెద్దావిడ, కుర్రాడు గ్లాసు పట్టుకొచ్చిన ప్రతిసారీ చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ వద్దంది. పక్కన కూర్చుని మెల్లగా అడిగితే, దూరంగా కనిపిస్తున్న టాయిలెట్ వైపు చూపించింది. కంకర మీద అంత దూరం నడవలేనని, పొద్దున ఇంట్లో కాఫీ తాగాక గొంతులో చుక్క పోయలేదని చెప్పింది. అంటే మనం పెట్టిన 700 లీటర్లలో ఆవిడ వాటా సున్నా. టాయిలెట్ దగ్గర్లో, నీడలో, చదునైన దారిలో, పట్టుకోవడానికి ఆధారం ఉన్నట్టుగా ఉండాలి. అది మీ మైదానంలో కుదరకపోతే తీసుకెళ్లి తీసుకురావడానికి ఒక చక్రాల కుర్చీ, ఒక మనిషి ఉండాలి. ఆ సంగతి వాళ్లు రాగానే చెప్పాలి, అడిగేదాకా ఆగకూడదు.

పెద్దవాళ్లను గౌరవమని మొదటి వరస మధ్యలో కూర్చోబెడతాం. అక్కడినుంచి లేవాలంటే పదిమంది మోకాళ్లు దాటాలి. వాళ్లను వేదికకు దగ్గరగానే, కానీ నడవ పక్కన, టాయిలెట్ ఉన్న వైపు కూర్చోబెట్టండి. కుర్చీలకు చేతులు ఉండాలి, లేచేటప్పుడు ఆసరా అవుతాయి. ఐదుగురికి ఒకరు చొప్పున ఇంట్లోవాళ్లకు బాధ్యత అప్పగించండి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు. ఆ మనిషి అరగంటకోసారి ఒక చిన్న గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా పక్కనే ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులున్న కొందరికి రోజుకింత నీళ్లే తాగాలని డాక్టర్లు చెప్పి ఉంటారు. ఒంట్లో నీరు పోవడానికి మాత్రలు వాడేవాళ్లకు వేడి తొందరగా దెబ్బ కొడుతుంది. అలాంటివాళ్ల ఇళ్లకు ముందే ఫోన్ చేసి, ఎంత నీరు ఇవ్వొచ్చో వాళ్ల డాక్టర్‌ని కనుక్కోమనండి. మందులు మాత్రం మీరు చెప్పి ఆపించకూడదు.

మైదానానికి దగ్గర్లో ఏసీ ఉన్న గది ఒక్కటైనా అద్దెకు దొరుకుతుందేమో చూడండి. దొరికితే ఫ్యాన్లలో రెండు తగ్గించైనా దాన్ని తీసుకోండి. గది దొరకకపోతే ఏసీ వేసి ఉంచిన వ్యానైనా సరే, డ్రైవరు అందులోనే ఉండాలి.

భోజనం ఏడున్నరకు అన్నారు. పెళ్లి ముప్పావు గంటలో అయిపోతే ఐదుంబావుకు అందరూ ఖాళీ. చాలామంది ఆ రోజు మధ్యాహ్నం తొందరగా, ఏదో కాస్త తిని బయల్దేరి ఉంటారు. అక్కడినుంచి రెండుంబావు గంటలు ఖాళీ కడుపుతో వేడిలో ఉండటం షుగర్ మందులు వేసుకునేవాళ్లకు మంచిది కాదు. ఐదుంబావుకు కొద్దిగా ఉప్పగా ఉండే తేలికపాటి తిండి, చల్లటి పానీయం కుర్చీల దగ్గరికే పంపండి. చెమటతో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది, అందుకే ఉప్పు. రక్తపోటుకు ఉప్పు తగ్గించమన్నవాళ్లకు ఉప్పు లేనిది విడిగా పెట్టండి. పెద్దవాళ్లకు ఆరుంబావుకు కూర్చున్నచోటే భోజనం వడ్డించండి. మిగతావాళ్లకు ఆరూ నలభై ఐదుకు మొదలుపెట్టొచ్చు. అప్పటికి ఎండ నేలబారుగా వాలిపోతుంది, వరసలో నిలబడినవాళ్లకు అంతగా తగలదు. పూర్తి భోజనాన్ని మూడింటికో నాలుగింటికో పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కడుపు నిండా తిన్నాక రక్తం అరుగుదల పనికి మళ్లుతుంది, అటు చర్మాన్ని చల్లబరచాల్సిందీ ఆ రక్తమే. పెద్దవాళ్లకు తిన్న తర్వాత లేస్తే కళ్లు తిరగడం అందుకే ఎక్కువ.

వండిన పదార్థాల గురించి ఒక్క నియమం చాలు. గాలి 32 డిగ్రీలు దాటినప్పుడు, వేడిగానీ చల్లగానీ ఉంచకుండా బయట పెట్టిన వంటకాన్ని గంట దాటితే వడ్డించకూడదు. వేడి పదార్థాలు 60 డిగ్రీలకు పైన, చల్లటివి 5 డిగ్రీలకు లోపు ఉండాలి. వేలు పెట్టి చూస్తే ఇది తేలదు, వంటవాళ్ల దగ్గర గుచ్చి చూసే థర్మామీటర్ ఉందో లేదో ముందే అడగండి. పెద్దవాళ్లు పోగా మిగిలేది 190 మంది. ఒక కౌంటర్ దగ్గర నిమిషానికి నలుగురు కదులుతారనుకుంటే ఒక్క కౌంటర్‌తో ముప్పావు గంటకు పైనే పడుతుంది, ఆలస్యంగా వచ్చేవాళ్లతో గంట దాటుతుంది. రెండు కౌంటర్లు పెడితే అరగంటలోపు అయిపోతుంది. ఎలాగైనా పెద్ద గిన్నెలు ఒకేసారి బల్ల మీదికి తేకుండా, చిన్న చిన్న గిన్నెల్లో అయిపోయేకొద్దీ తెప్పించండి.

ఇన్ని చేసినా ఎవరికైనా బాగోలేకపోవచ్చు. మొహం పాలిపోయి, చెమటలు పోసి, తల తిరుగుతోందంటే వేడికి అలసిపోయినట్టు. చల్లటి గదికి తీసుకెళ్లి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి పడుకోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, కొద్దికొద్దిగా నీళ్లు పట్టించండి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోవాలి. వయసు మళ్లినవాళ్లలో అప్పుడు చెమట అసలు లేకుండా చర్మం పొడిగా, కాలిపోతున్నట్టు ఉండొచ్చు. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయించండి. అది వచ్చేదాకా ఊరికే చూస్తూ ఉండకుండా ఒంటి మీద నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టండి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ సంచులు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్స్ ఏ గేటు నుంచి లోపలికి రావాలో ముందే తేల్చి, అక్కడ కార్లు పెట్టనివ్వకండి.

పెద్దవాళ్లలో చాలామంది భోజనం అవగానే ఏడుంబావుకల్లా బయల్దేరతామంటారు. వాళ్ల కార్లు మధ్యాహ్నం నుంచి ఎండలో నిలబడి ఉంటాయి, పొద్దు గుంకినా లోపలి వేడి అంత తొందరగా పోదు. వాళ్లు కుర్చీలోంచి లేవకముందే డ్రైవర్లకు కబురు పెట్టి, కారు తలుపులన్నీ ఐదు నిమిషాలు తెరిచి ఉంచి, ఏసీ వేసి, టెంట్ అంచుదాకా తెప్పించండి.